ఈ నంబరు ఏ ఊరిది?

మీ ఫోన్‌లో ఇలా ఒక మిస్డ్ కాల్ ఉందనుకోండి: +91 86624 •••••. చూడగానే ఏమనుకుంటారు? ఎవరిదో సెల్ నంబరు అనుకుంటారు. 86తో మొదలైంది, పది అంకెలున్నాయి, ఫోన్ కూడా అలవాటు ప్రకారం అయిదు అయిదుగా విడగొట్టి చూపించింది. కానీ అది సెల్ కాదు. బెజవాడలో ఏ ఆఫీసు టేబుల్ మీదో, ఏ ఆస్పత్రి కౌంటర్ దగ్గరో ఉన్న ల్యాండ్‌లైన్. ఫోన్ తప్పుచోట విరగ్గొట్టింది గాబట్టి మనకు తెలియలేదు, అంతే. సరైన చోట విరిస్తే 0866 – 24•••••. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి, లైట్ వేసినట్టు చెప్పేస్తారు: "ఇది విజయవాడ నంబరు రా!"

వాళ్లకెలా తెలుసంటారా? ఒకప్పుడు పసుప్పచ్చ బోర్డున్న ఎస్టీడీ బూత్‌లో మీటర్ వైపు చూస్తూ మాట్లాడిన తరం అది. బూత్ అద్దానికి ఊళ్ల పేర్లు, కోడ్‌లు ఉన్న కాగితం అంటించి ఉండేది. టెలిఫోన్ డైరెక్టరీ ముందు పేజీల్లోనూ అదే జాబితా. మేనమామ ఊరి కోడ్, అక్క అత్తారింటి ఊరి కోడ్ కంఠతా వచ్చేవి. మనకి ఆ అవసరం పోయింది. కాంటాక్ట్స్‌లో పేరు నొక్కితే చాలు. కానీ ల్యాండ్‌లైన్లు పూర్తిగా పోలేదు. కాలేజీ ఆఫీసు, ఆస్పత్రి, కలెక్టరేట్, బ్యాంకు బ్రాంచి నుంచి ఇంకా అవే నంబర్లతో కాల్స్ వస్తున్నాయి. అందుకే ఈ వారం ఈ చిన్న విద్య. దీనికి యాప్ అక్కర్లేదు, అంకెలు చదవడం వస్తే చాలు.

ముందు సెల్లా, ల్యాండా?

మన దేశంలో ముందున్న +91నో, సున్నానో తీసేస్తే ఏ ఫోన్ నంబరుకైనా పది అంకెలుంటాయి. సెల్‌కి ఆ పదీ కలిపి ఒకటే ముక్క. ల్యాండ్‌లైన్‌కి రెండు ముక్కలు: ముందు ఊరి కోడ్, తర్వాత ఇంటి నంబరు. కోడ్ రెండంకెలదైతే నంబరు ఎనిమిది అంకెలు, కోడ్ మూడైతే నంబరు ఏడు, కోడ్ నాలుగైతే నంబరు ఆరు. ఎటు కూడినా పదే.

మొదటి అంకె చూడండి. 9 అయితే అది సెల్, ఇంకేం ఆలోచించక్కర్లేదు. 2, 3, 4, 5 అయితే సెల్ కాదు, ల్యాండ్‌లైనే. 1తో మొదలైనా సెల్ కాదు. ఢిల్లీ, పంజాబ్ వైపు ల్యాండ్‌లైన్లు 1తోనే మొదలవుతాయి. కాకపోతే 1800 లాంటి టోల్ ఫ్రీ నంబర్లూ, 140తో వచ్చే ప్రకటనల కాల్స్ కూడా ఆ అంకెతోనే ఉంటాయి, వాటిని ఊరితో కలపకండి. చిక్కంతా 6, 7, 8 దగ్గరే. ఇవి సెల్ నంబర్లకీ ఉన్నాయి, ఊరి కోడ్‌లకీ ఉన్నాయి. మన ఖర్మకొద్దీ, హైదరాబాద్ తప్ప రెండు తెలుగు రాష్ట్రాల్లోని కోడ్‌లన్నీ 8తోనే మొదలవుతాయి.

మరి 8తో మొదలైతే ఎలా తేల్చాలి? కోడ్ అయిపోయాక వచ్చే అంకె చూడాలి. బీఎస్‌ఎన్‌ఎల్ ల్యాండ్‌లైన్ నంబరు 2తో మొదలవుతుంది. ప్రైవేటు కంపెనీల ల్యాండ్‌లైన్లు 3, 4, 6 లాంటి అంకెలతో ఉంటాయి. 0, 1లతో మాత్రం ల్యాండ్‌లైన్ నంబరు మొదలవదు. సెల్ కంపెనీలకి నంబర్లు కావాల్సి వచ్చినప్పుడు ఇలా ల్యాండ్‌లైన్లు వాడని ఖాళీల్లోంచే తీసి ఇచ్చారు. అందుకే 8660తోనో, 8667తోనో, 8668తోనో మొదలయ్యే నంబరు సెల్. 8662తో మొదలైతే విజయవాడ ల్యాండ్‌లైన్. తేడా ఆ నాలుగో అంకెలోనే ఉంది.

ఎక్కడ విరగ్గొట్టాలి?

ఇప్పుడు అసలు ప్రశ్న. కోడ్ రెండంకెలా, మూడా, నాలుగా అన్నది ఎలా తెలుస్తుంది? దీనికి ఒక వరస ఉంది.

ముందు రెండంకెలు చూడండి. దేశం మొత్తమ్మీద రెండంకెల కోడ్ ఉన్నవి ఎనిమిది మహానగరాలే. 11 ఢిల్లీ, 20 పుణె, 22 ముంబయి, 33 కోల్‌కతా, 40 హైదరాబాద్, 44 చెన్నై, 79 అహ్మదాబాద్, 80 బెంగళూరు. వీటిలో ఒకటైతే అక్కడే ఆగిపోండి.

కాకపోతే మూడంకెలు చూడండి. తెలుగు రాష్ట్రాల్లో మూడంకెల కోడ్‌లు పెద్ద ఊళ్లకే ఉన్నాయి, అవి తొమ్మిది: 861 నెల్లూరు, 863 గుంటూరు, 866 విజయవాడ, 870 వరంగల్, 877 తిరుపతి, 878 కరీంనగర్, 883 రాజమండ్రి, 884 కాకినాడ, 891 విశాఖపట్నం.

ఇవి కూడా కాకపోతే కోడ్ నాలుగంకెలదే. మిగతా ఊళ్లన్నీ అందులోనే.

ఒక అనుమానం రావచ్చు. 866 విజయవాడ అంటున్నాం సరే, 8662 అని ఇంకో ఊరికి కోడ్ ఉంటే? ఉండదు. ఉండకుండానే ఈ నంబర్లు కట్టారు. మనం డయల్ చేస్తుంటే ఎక్స్ఛేంజీలోని యంత్రం అంకెల్ని ఎడమ నుంచి ఒక్కొక్కటిగా చదువుతుంది. కోడ్ ఎక్కడ అయిపోయిందో దానికి అక్కడికక్కడే తెలియాలి. అందుకే ఒక ఊరి కోడ్ మొత్తం ఇంకో ఊరి కోడ్‌కి మొదలుగా ఉండదు. గుంటూరుకి 863 ఇచ్చారు గాబట్టి ఆ జిల్లాలో మిగతా ఊళ్లు 864లోకి వెళ్లాయి. బాపట్ల 8643, తెనాలి 8644, మంగళగిరి 8645. నెల్లూరు 861 అయితే గూడూరు 8624, కావలి 8626.

ఇప్పుడు ఒకటి మీరే ప్రయత్నించండి: +91 88122 •••••. మొదటి రెండంకెలు 88, మహానగరాల్లో లేదు. మూడంకెలు 881, తొమ్మిదిలో లేదు. అయితే కోడ్ 8812. తర్వాతి అంకె 2, అంటే బీఎస్‌ఎన్‌ఎల్ ల్యాండ్‌లైన్. మిగిలినవి లెక్కపెడితే ఆరు అంకెలు, లెక్క సరిపోయింది. 08812 ఏలూరు.

చివర 2 ఉంటే జిల్లా కేంద్రం

నాలుగంకెల కోడ్‌లు వందల్లో ఉన్నాయి. అవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. వాటిలో ఒక కుటుంబ పోలిక ఉంది. మొదటి మూడంకెలు పాత జిల్లాని చెబుతాయి, నాలుగో అంకె ఆ జిల్లాలో ఏ వైపో చెబుతుంది. 881 అంటే పాత పశ్చిమ గోదావరి. 8812 ఏలూరు, 8814 నరసాపురం, 8816 భీమవరం, 8818 తాడేపల్లిగూడెం, 8819 తణుకు. 874 అంటే పాత ఖమ్మం. 8742 ఖమ్మం, 8743 భద్రాచలం, 8744 కొత్తగూడెం.

ఇంకో పోలిక గమనించారా? ఏలూరు, ఖమ్మం రెండూ 2తో ముగిశాయి. మచిలీపట్నం 8672, నల్గొండ 8682, ఆదిలాబాద్ 8732, మహబూబ్‌నగర్ 8542, నిజామాబాద్ 8462, కడప 8562, చిత్తూరు 8572, ఒంగోలు 8592, విజయనగరం 8922, శ్రీకాకుళం 8942. నాలుగంకెల కోడ్ ఉన్న పాత జిల్లా కేంద్రాల్లో చాలావరకు చివరి అంకె 2. అయితే ఇది శాసనం కాదు. అనంతపురం 8554, కర్నూలు 8518, సంగారెడ్డి 8455. కాబట్టి చివర 2 కనబడితే "జిల్లా కేంద్రం అయ్యుండొచ్చు" అనుకుని సరిచూసుకోండి. 2 లేనంత మాత్రాన చిన్న ఊరని తేల్చేయకండి.

పాత జిల్లా అని ఎందుకంటున్నానంటే, మ్యాపు మారింది గానీ కోడ్‌లు మారలేదు. 2016లో తెలంగాణలో జిల్లాలు పది నుంచి 31 అయ్యాయి, తర్వాత 33. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాల్ని 26 చేశారు. టెలిఫోన్ వాళ్లు మాత్రం దేన్నీ కదపలేదు. భీమవరం ఇప్పుడు జిల్లా కేంద్రం, కానీ కోడ్ చూస్తే ఇంకా ఏలూరు పక్కన కూర్చునే ఉంది. సిద్దిపేట సొంత జిల్లా అయినా 8457తో సంగారెడ్డి కుటుంబంలోనే ఉంది.

అసలు ఈ కోడ్‌లు పుట్టింది పరిపాలన కోసం కాదు, బిల్లు కోసం. దేశాన్ని సుమారు 2,600 ముక్కలు చేశారు. ఒక్కో ముక్క ఇంచుమించు ఒక తాలూకా అంత. ఆ ముక్కలో ఎవరు ఎవరికి చేసినా లోకల్ కాల్. గీత దాటితే ఎస్టీడీ, దూరాన్ని బట్టి మీటర్ తిరిగేది. ఆ ముక్కకి ఇచ్చిన గుర్తే కోడ్. అందుకే రాష్ట్రాల సరిహద్దుల్ని కూడా అది పెద్దగా పట్టించుకోదు. యానాం పుదుచ్చేరిలో భాగం. పుదుచ్చేరి కోడ్ 0413. కానీ యానాం వాళ్ల ల్యాండ్‌లైన్‌కి కాకినాడ కోడే, 0884. అలాగే 8 కనబడగానే మన ఊరే అనుకోకండి, కర్ణాటక, గోవా కూడా ఆ అంకెలోనే ఉన్నాయి. మహబూబ్‌నగర్ 8542 అయితే, కృష్ణకి అవతల రాయచూర్ 8532. బళ్లారి 8392.

డైరీలో మిగిలిన అప్పు

ఇదంతా ఎందుకు పనికొస్తుందో నా స్నేహితుడి ఇంట్లో చూశాను. వాళ్ల నాన్నగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయాక అల్మరా సర్దుతుంటే 1999 నాటి డైరీ ఒకటి దొరికింది. ఒక పేజీలో రెండే ముక్కలున్నాయి: "మాస్టారికి ఇంకా 18 వేలు". దాని కింద ఒక నంబరు, 08814 – 3••••. పేరు లేదు, ఊరు లేదు. కొట్టివేత గీత కూడా లేదు. అంటే ఆ బాకీ తీరలేదు.

వాళ్లమ్మగారికి గుర్తున్నది ఒక్కటే. పెద్దమ్మాయి పెళ్లప్పుడు ఎవరో మాస్టారు కాగితం కూడా అడక్కుండా డబ్బు సర్దారని. అప్పుడు వాళ్లు గోదావరి జిల్లాలో ఉన్నారు. నాన్నగారు తణుకులో కొన్నాళ్లు, భీమవరంలో కొన్నాళ్లు చేశారు. ఇక వీడు తణుకు బయల్దేరడానికి సిద్ధమైపోయాడు. "తణుకులో మాస్టారు అని అడిగితే వీధికి నలుగురు వస్తారు. ముందు ఆ నంబరు చదువు" అన్నాను.

తణుకు కోడ్ 08819. భీమవరం 08816. డైరీలో ఉన్నది 08814, అంటే నరసాపురం ముక్క. నాన్నగారు భీమవరంలో ఉంటూ అక్కడి వాళ్లకే ఫోన్ చేయాలంటే కోడ్ అవసరమే లేదు, ఒట్టి నంబరు చాలు. కోడ్‌తో సహా రాసుకున్నారంటే మాస్టారిది గీత అవతలి ఊరన్నమాట. తణుకు, భీమవరం రెండూ ఆ ఒక్క అంకెతో పక్కకి తప్పుకున్నాయి.

తర్వాత నంబరు. అయిదే అంకెలున్నాయి. ఇప్పుడు నాలుగంకెల కోడ్‌కి ఆరు కావాలి. ఆ ఒక్క అంకె ఏమైంది? 2002–03 ప్రాంతంలో దేశమంతా నంబర్లు పది అంకెలకి సర్దినప్పుడు, బీఎస్‌ఎన్‌ఎల్ తన పాత నంబర్ల ముందు 2 చేర్చింది. కాబట్టి 3•••• అన్నది 23•••• అవుతుంది. హైదరాబాద్‌లో కూడా ఇంతే, అప్పటి ఏడంకెల ముందు 2 చేరి ఎనిమిదయ్యాయి. మీ ఇంట్లో అప్పటి పెళ్లి శుభలేఖ ఉంటే చూడండి, ఒక అంకె తక్కువ ఉంటుంది.

2 చేర్చి చేశాం. మోగలేదు. ఆ నంబరు వాడుకలో లేదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఇది ఊహించిందే. సెల్ వచ్చాక ల్యాండ్‌లైన్ వెనక్కి ఇచ్చేసిన ఇళ్లు లెక్కలేనన్ని. కానీ చచ్చిన నంబరు కూడా ఊరి పేరు చెబుతుంది.

ఎలాగంటే, 08814 అన్నది నరసాపురం ఒక్కదానిదే కాదు. పాలకొల్లు కూడా అందులోనే ఉంది, చుట్టుపక్కల పల్లెలూ ఉన్నాయి. ఆ పల్లెల్లో చిన్న చిన్న ఎక్స్ఛేంజీలుండేవి. ఒక్కో ఎక్స్ఛేంజీకి నంబర్లు గుత్తగా ఇచ్చేవారు. అంటే ఒక ఊళ్లోని ఫోన్లన్నిటికీ కోడ్ తర్వాత మొదటి రెండు మూడు అంకెలు ఒకటే ఉంటాయి. మాస్టారి నంబరులో మొదటి మూడంకెలు మా దగ్గరున్నాయి. అవే మూడంకెలతో ఇంకెవరి ఫోన్లున్నాయో తెలిస్తే ఊరు తెలిసినట్టే.

ఇళ్ల నంబర్లు మనకి దొరకవు, వాటి జోలికి పోకూడదు కూడా. కానీ బ్యాంకు బ్రాంచీలు, పోస్టాఫీసులు, సహకార సంఘాలు, స్కూళ్లు తమ నంబర్లు బయట పెడతాయి. ఆ ప్రాంతంలోని బ్యాంకు బ్రాంచీల జాబితా తీసి 08814 ఉన్నవాటిని ఒక కాగితం మీద రాశాం. పక్కన ఊరి పేరు, మొదటి మూడంకెలు. ఇరవై నిమిషాల పని. మూడు నంబర్లు మా అంకెలతో కలిశాయి: ఒక బ్యాంకు, ఒక సహకార సంఘం, ఒక హైస్కూలు. మూడూ పాలకొల్లు దగ్గర ఒకటే ఊరివి. ఒక్క నంబరే కలిసుంటే నమ్మేవాళ్లం కాదు, ఎందుకంటే ఆఫీసులు ఊరు మారినా పాత నంబరే జాబితాలో ఉండిపోవడం మామూలే. మూడు కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

ఆ హైస్కూల్‌కి ఫోన్ చేసి, ఆ రోజుల్లో పనిచేసిన మాస్టారి గురించి అడిగాం. అటెండర్ గారు రెండు నిమిషాల్లో చెప్పేశారు. మాస్టారు పోయి ఆరేళ్లయింది, ఆయన భార్య ఊళ్లోనే ఉన్నారు. వీడు వాళ్లమ్మని తీసుకుని వెళ్లాడు. ఆవిడకి ఆ అప్పు సంగతే తెలీదట. "ఆయన ఎవరికిచ్చారో నాకెప్పుడూ చెప్పలేదమ్మా. మీవారు రాసి పెట్టుకున్నారు చూడండి, అదే గొప్ప" అన్నారట. వద్దంటూనే తీసుకుని, అందులో కొంత స్కూల్లో పుస్తకాలకి ఇచ్చారని తర్వాత తెలిసింది.

పాత నంబర్లతో జాగ్రత్త

మీ ఇంట్లోనూ ఇలాంటి డైరీ, బాండ్ పేపరో, ఫొటో స్టూడియో కవరో ఉండొచ్చు. వాటి మీది నంబరు చదివే ముందు అది ఏ కాలం నాటిదో చూడండి. ఎందుకంటే కొన్ని పెద్ద నగరాల కోడ్‌లే మారిపోయాయి. 0842 అని కనబడితే ఇప్పటి జాబితాల్లో ఎంత వెతికినా ఆ ఊరు దొరకదు. అది హైదరాబాదే. 1990లలో 040 రాకముందు హైదరాబాద్ కోడ్ అదే. బెంగళూరుకి అలాగే 0812 ఉండేది, పుణెకి 0212, అహ్మదాబాద్‌కి 0272. కోడ్ జాబితాలో లేదంటే తప్పు రాసుకున్నారని కాదు, ఆ నంబరుకి వయసెక్కువని అర్థం.

అలాగే "ముందు 2 చేర్చడం" అన్నది 2002–03కి కాస్త ముందు నాటి నంబర్లకి పనిచేస్తుంది. మూడంకెలు, నాలుగంకెలు మాత్రమే ఉన్న మరీ పాత నంబర్లకి పనిచేయదు. చిన్న ఎక్స్ఛేంజీ పెద్దదయినప్పుడల్లా మధ్యలో అంకెలు చేరాయి, కొన్నిచోట్ల నంబర్లే పూర్తిగా మారాయి. అలాంటి దాంట్లో కోడ్ ఉంటే ప్రాంతం వరకు నమ్మండి, నంబరు మీద ఆశ పెట్టుకోకండి.

ఇంకో చిన్న చిక్కు ఊళ్ల పేర్లతో. కోడ్‌ల జాబితాలు చాలావరకు ఇంగ్లిష్‌లో, పాత స్పెల్లింగ్‌తో ఉంటాయి. కడపని Cuddapah అని, రాజమండ్రిని Rajahmundry అని వెతకాల్సి వస్తుంది. పైగా జాబితాలో ఉండేది ఆ ముక్కకి కేంద్రమైన ఊరి పేరు మాత్రమే. 08647 కొడితే నరసరావుపేట అని వస్తుంది, కానీ చిలకలూరిపేట నంబర్లకీ అదే కోడ్. మీకు దొరికిన పేరు సరైనదో కాదో తేల్చుకోవాలంటే, ఆ ఊళ్లో ఏదైనా ప్రభుత్వ ఆఫీసు నంబరు వెతికి కోడ్ కలుస్తోందో లేదో చూడండి. రెండు ఆఫీసులవి కలిస్తే ఖాయం చేసుకోవచ్చు.

నంబరు ఊరు చెబుతుంది, మనిషిని కాదు

ఇంత చెప్పాక ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. కోడ్ చెప్పేది ఆ నంబరు ఏ ఊరి లెక్కలో ఇచ్చారన్నదే. మాట్లాడే మనిషి ఆ ఊళ్లో కూర్చున్నాడని కాదు. ఇప్పుడు ఆఫీసు ల్యాండ్‌లైన్లు చాలావరకు ఇంటర్నెట్ మీద నడుస్తున్నాయి. 040 నంబరు మీద హైదరాబాద్ కంపెనీ కాల్ చేసిందనుకుంటాం, మాట్లాడే అమ్మాయి ఇంకో రాష్ట్రంలో ఉండొచ్చు. ఫార్వర్డ్ చేసిన ఫోనైతే మీరు ఏలూరుకి చేస్తే అమలాపురంలో ఎత్తొచ్చు. ఇందులో మోసమేమీ లేదు.

మోసం వేరే ఉంది. స్క్రీన్ మీద కనిపించే నంబరునే మార్చి పంపే కేటుగాళ్లున్నారు. విదేశం నుంచి చేస్తూ మన దేశం నంబరు కనబడేలా చేస్తారు. ఇలాంటి కాల్స్‌ని ఆపడానికి టెలికాం శాఖ 2024 అక్టోబర్‌లో ఒక వ్యవస్థ పెట్టింది కూడా. అయినా మన జాగ్రత్త మనకుండాలి. "ఢిల్లీ పోలీసులం, మీ పేరు మీద పార్సిల్ దొరికింది" అని 011 నంబరు నుంచి వచ్చినా సరే, ఆ 011ని సాక్ష్యంగా తీసుకోకండి. కోడ్ కలవకపోతే అబద్ధమని చెప్పడానికి పనికొస్తుంది. కలిసినంత మాత్రాన నిజమని చెప్పడానికి పనికిరాదు.

అనుమానం వస్తే చేయాల్సింది సులువు. ఫోన్ పెట్టేయండి. ఆ ఆఫీసు నంబరు మీరే వెతకండి, వాళ్లు చెప్పింది కాదు. అప్పుడు మీరే చేయండి. నిజంగా కాలేజీ వాళ్లో, ఆస్పత్రి వాళ్లో అయితే సంగతి అక్కడే తెలిసిపోతుంది.

మిస్డ్ కాల్ విషయంలో మాత్రం ఈ విద్య ఇవాళే వాడుకోవచ్చు. సీటు కోసమో, ఉద్యోగం కోసమో, ఆస్పత్రి రిపోర్టు కోసమో ఎదురు చూస్తున్నవాళ్లు గుర్తు తెలియని నంబరు కదా అని వదిలేస్తుంటారు. వదిలేసే ముందు ఒక్కసారి +91 తీసేసి పది అంకెలు రాయండి. రెండు, మూడు, నాలుగు అనే వరసలో విరిచి చూడండి. విశాఖ కాలేజీకి అప్లికేషన్ పెట్టి ఉంటే, 8912తో మొదలైన ఆ "సెల్ నంబరు" మీకోసమే మోగి ఉండొచ్చు.